పొడిగింపు అన్న మాట వెనుక ఎన్ని నెలలున్నాయి?

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రీసెర్చ్ అసిస్టెంట్ ప్రకటన చదివాను. "మొదట ఒక సంవత్సరం, పనితీరును బట్టి పొడిగింపు" అన్న వాక్యం నీకు ధైర్యమిచ్చినట్టుంది. కానీ ప్రాజెక్టు ఉద్యోగంలో నువ్వెంత బాగా పనిచేసినా, ప్రాజెక్టు గడువు ముగిశాక జీతమిచ్చే ఖాతా ఉండదు. అందుకే ముందు ముగింపు తేదీ కనుక్కో. నిధులు అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థవైతే NIH RePORTER వెబ్‌సైటులోను, యూరోపియన్ యూనియన్ పరిశోధన పథకాలవైతే CORDIS వెబ్‌సైటులోను ప్రాజెక్టు మొదలైన, ముగిసే తేదీలు ఎవరికైనా కనిపిస్తాయి. అలాంటి వీలు లేనిచోట ప్రాజెక్టు నడిపే ఆచార్యులనే అడుగు; అందులో అమర్యాదేమీ లేదు.

నువ్వు రాసిన వివరాలతోనే లెక్క వేద్దాం. ప్రాజెక్టు 36 నెలలది, ఇప్పటికి 22 నెలలు గడిచాయి. ఎంపిక పూర్తయి నువ్వు చేరేసరికి ఇంకో రెండు నెలలు పోతే, మిగిలేది 12 నెలలు. ఇక డబ్బు సంగతి. ఒక్క అసిస్టెంటుకు 36 నెలల జీతం మంజూరైంది. నీకు ముందున్న వ్యక్తి నాలుగో నెలలో చేరి పదిహేడో నెలాఖరున మానేశారు కాబట్టి ఖర్చయింది 14 నెలల జీతమే. అంటే 22 నెలల జీతం మిగిలి ఉండాలి, దాన్ని వేరే ఖర్చుకు మళ్లించకపోతే. అయినా నీ చేతిలో ఉన్నవి 12 నెలలేనని అనుకో. మిగతా 10 నెలలు దక్కాలంటే అదనపు నిధులు లేకుండా గడువు పెంచమని ప్రాజెక్టు ముగియక ముందే దరఖాస్తు చేయాలి, నిధులిచ్చే సంస్థ దానికి ఒప్పుకోవాలి. ఒక్కరికి మంజూరైన జీతంతో ఇద్దరిని నడుపుతున్నచోట ఇది తలకిందులవుతుంది: గడువు మిగిలి ఉండగానే డబ్బు అయిపోతుంది. కాలం, డబ్బు, వీటిలో ఏది ముందు ముగిస్తే అదే నీ ఉద్యోగ కాలం.

మంజూరైన మొత్తం చాలాచోట్ల ఒకేసారి చేతికి రాదు. నేను నడిపిన ఒక ప్రాజెక్టులో మొదటి ఏడాది ఖర్చుల లెక్కలు ఆలస్యంగా పంపినందువల్ల రెండో విడత ఆగి, మా అసిస్టెంటుకు నాలుగు నెలలు జీతం అందలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది. కాబట్టి ఈ ఏడాది విడత వచ్చిందా అని కూడా అడుగు.

ఇలా మధ్యలో ఖాళీ అయ్యే పోస్టుల కన్నా కొత్తగా మంజూరైన ప్రాజెక్టులు నీకు మేలు. పైన చెప్పినచోట్ల ఇటీవల మొదలైనవాటిని వెతికి, మొదటి రెండు మూడు నెలల్లోనే ఆ పరిశోధకులకు, వారి పనిలో నువ్వు చేయగలిగిన భాగమేదో చెబుతూ చిన్న ఉత్తరం రాయి. సిబ్బంది నియామకం అప్పటికి చాలాసార్లు పూర్తయి ఉండదు.

ముగింపు తేదీ, జీతాల పద్దులో మిగిలిన నెలలు, ఈ ఏడాది విడత, ఈ మూడింటి గురించి ఈరోజే రాసి అడుగు. జవాబు రాగానే నాకు పంపు, కూర్చుని చూద్దాం.

మీ మావయ్య