అమెరికా నుంచి వచ్చే పవర్ ఆఫ్ అటార్నీ: ఆ కవరు పారేయకండి

ప్రశ్న: మా అక్కయ్య అమెరికాలో ఉన్నారు, ఇప్పట్లో రాలేరు. ఊళ్ళో ఆమె పేరున ఉన్న స్థలం అమ్మడానికి నాకు పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తానంటున్నారు. స్టాంపు పేపర్లు ఇక్కడ కొని ఆమెకు పంపాలా? ఎక్కడ రిజిస్టర్ చేయించాలి?

స్టాంపు పేపర్లు పంపనవసరం లేదు. ప్రతి డాక్యుమెంటు రైటరూ ఈ సలహా ఎందుకిస్తాడో నాకు నేటికీ అర్థం కాదు. తెల్ల కాగితం మీద రాసి అక్కడ సంతకం చేస్తే చాలు. అది మన దేశంలో మొదట చేతికి అందిన తేదీ నుంచి మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టుకోవచ్చని 1899 నాటి స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. చూసుకోవలసింది ఆ మూడు నెలలే.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. గుంటూరు జిల్లాలో నాన్నగారి ఇంట్లో తన వాటా అమ్మడానికి నాకు అధికారం పంపింది. డ్యూటీ కట్టడానికి వెళ్తే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో గుమస్తా కాగితాలు అటూ ఇటూ తిప్పి, కాన్సులేట్ ముద్ర దగ్గర వేలు పెట్టి, "సంతకం ఎప్పుడు చేశారో ఇందులో ఉంది. ఇక్కడికి ఎప్పుడు వచ్చిందో ఏది?" అన్నాడు. కొరియర్ కవరు తీసి బల్ల మీద పెట్టాను. దాని మీది తేదీ చూసి, మారు మాట్లాడకుండా ఫైలులో కుట్టేశాడు. డ్యూటీ కట్టాక, సక్రమంగా స్టాంపు అయినట్టు అదే కాగితం వెనుక రిజిస్ట్రార్ సంతకంతో ధ్రువీకరణ రాసిచ్చారు. సబ్ రిజిస్ట్రారు ముందుగా చూసేది ఆ ధ్రువీకరణనే.

మా వీధిలో ఒకాయన కొడుకు పంపిన కాగితాన్ని బీరువాలో భద్రంగా దాచి, కొనేవాడు దొరికాక బయటికి తీశారు. అప్పటికి గడువు దాటింది. గడువు దాటిన విదేశీ పత్రానికి ఆ ధ్రువీకరణ ఇవ్వడానికి చట్టమే ఒప్పుకోదు. కొడుకు అక్కడ మళ్ళీ సంతకం చేసి కొత్తది పంపవలసి వచ్చింది.

ఇక సంతకం సంగతి. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం విదేశంలో ఉన్నవారు నోటరీ ఎదుటగానీ, భారత కాన్సులేట్ అధికారి ఎదుటగానీ సంతకం చేయాలి, వారు దాన్ని ధ్రువీకరించాలి. ముద్ర ఉంటే చాలదు, "నా ఎదుట సంతకం చేశారు" అన్న వాక్యం ఉండాలి. అమెరికా నోటరీ దగ్గర చేయిస్తే ఆ రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపొస్టిల్, అంటే ఆ నోటరీ సంతకం, ముద్ర నిజమైనవేనన్న ధ్రువపత్రం కూడా తెప్పించండి. అపొస్టిల్‌ను గుర్తించే అంతర్జాతీయ ఒప్పందంలో మనదేశం 2005 నుంచి ఉంది. అయినా ఏది అంగీకరిస్తారో మీ సబ్ రిజిస్ట్రారును ముందే అడగండి. కొందరు కాన్సులేట్ ముద్ర లేనిదే కదలరు. చట్టం చూపిస్తే విసుక్కుంటారు.

ముసాయిదా మాత్రం ఇక్కడే రాయించి, మీ రైటరుకు చూపించాకే మెయిల్‌లో పంపండి. మా చెల్లెలి పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరుంది, పాత దస్తావేజులో పుట్టింటి పేరుంది. రెండు పేర్లూ "ఉరఫ్" అని కలిపి, పాస్‌పోర్టు నంబరూ దస్తావేజు నంబరూ వేయించాం. ఆస్తి షెడ్యూలులో నాలుగు హద్దులూ దస్తావేజులో ఉన్నట్టే దించాం. ఇవి అక్కడివాళ్ళు సొంతంగా రాసుకుంటే తూర్పు, పడమర తారుమారవుతాయి.

డ్యూటీ ఎంతన్నది ఎవరికి అధికారం ఇస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ వంటి కుటుంబ సభ్యులకైతే స్వల్ప మొత్తం. బయటివారికి అమ్మే అధికారం ఇస్తే ఆస్తి విలువ మీద లెక్క కడతారు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. అన్ని వ్యవహారాలకూ అధికారమిచ్చే జనరల్ పవర్, అంటే జీపీఏ, రాయించకండి. ఈ ఒక్క స్థలం అమ్మడం, దస్తావేజు మీద సంతకం చేయడం, రిజిస్ట్రేషన్‌కు హాజరు కావడం, అంతవరకే స్పెషల్ పవర్ చాలు. డబ్బు నేరుగా మీ అక్కయ్య ఎన్ఆర్ఓ ఖాతాలో, అంటే విదేశాల్లో ఉండేవారికి ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతాలో పడాలని అందులోనే రాయండి. తోబుట్టువుల మధ్య ఇదేమిటని బంధువులు బుగ్గలు నొక్కుకుంటారు. నొక్కుకోనివ్వండి. "జీపీఏ మీద కొనేస్తాను, రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది" అనే బేరగాడు వస్తే ఆ బేరం వదులుకోండి. జీపీఏ అమ్మకంతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. పైగా మామూలు పవర్ ఇచ్చిన మనిషి మరణిస్తే అక్కడితో చెల్లదు. అందుకే మా సబ్ రిజిస్ట్రారు విక్రయం రోజున చెల్లెలికి వీడియో కాల్ చేయమన్నాడు. న్యూజెర్సీలో అప్పుడు అర్ధరాత్రి. అది నిద్రకళ్ళతోనే ఫోను ఎత్తి "ఉన్నాను సార్" అంది.