పది నిమిషాల స్క్రిప్టుకు తొంభై సెకన్ల స్లాటు

ప్రశ్న: ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే, యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైళ్ల మోసం గురించి పది నిమిషాల వివరణ స్క్రిప్టు రాసుకున్నాను. మా ప్రాంతపు కేబుల్ చానల్‌వారు సాయంత్రం వార్తలకు ముందు 90 సెకన్ల స్లాటు ఇచ్చారు. ఒక్క సెకను దాటినా వాళ్ల సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే కోసేస్తుందట. ఎంత కుదించినా నాలుగు నిమిషాలు వస్తోంది; వేగం పెంచితే ఇంట్లోవాళ్లకే అర్థం కావడం లేదు. అసలు విషయం పోకుండా ఎలా తగ్గించాలి? అసలు స్క్రిప్టు, నేను కుదించిన ప్రతి రెండూ జతచేస్తున్నాను. — ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ రెండు ప్రతులనూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని గట్టిగా చదివాను. మొదటి దానిలో ఒక మంచి వాదన ఉంది, కుదించిన దానిలో అది లేదు. మీరు కోసిన తీరు అందరూ కోసే తీరే: ప్రతి పేరాలోనూ విశేషణాలు తీసేశారు, రెండు ఉదాహరణలను ఒకటి చేశారు, ‘ఎందుకంటే’తో మొదలయ్యే వాక్యాలను కొట్టేశారు. పది నిమిషాలు నాలుగు నిమిషాలు కావడానికి ఈ పద్ధతి సరిపోతుంది. 600 సెకన్లను 90కి తేవాలంటే ఆరు వాక్యాలు పోయి ఒక్కటి మిగలాలి కాబట్టి అక్కడ పేరా పేరానూ సన్నం చేసే పని చెల్లదు. మిగిలే ఆ ఒక్క వాక్యం ఏదో ముందే తేల్చుకుని, దాని చుట్టూ స్క్రిప్టును మళ్లీ మొదటి నుంచి రాయవలసిందే.

మీ పది నిమిషాల ప్రతిలో ఆ వాక్యం ఆరో నిమిషంలో ఉంది. బాధితుడు ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా డబ్బు పోతుంది, ఎందుకంటే అతడు ఇన్‌స్టాల్ చేసిన యాప్ ఎస్సెమ్మెస్ చదివి ఆ ఓటీపీని మోసగాడికి పంపేస్తుంది. మీ వాదన మొత్తం ఇదే. దానికి ముందున్న స్మార్ట్‌ఫోన్ల చరిత్ర, వెనకున్న మూడు అనుభవ కథలు, యాంటీవైరస్ గురించిన చర్చ లేకపోయినా ఈ వాదనకు లోటేమీ రాదు. కుదించిన ప్రతిలో మాత్రం మీరు ‘యాప్ ఎస్సెమ్మెస్ చదువుతుంది’ అన్న భాగాన్ని సాంకేతిక వివరమనుకుని తీసేసి, ముగింపులో ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని పెట్టారు.

ఈ స్క్రిప్టులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టినది ఈ మార్పే. ‘ఓటీపీ చెప్పకండి’ అన్న మాట ఈ మోసానికి సంబంధించినంత వరకు పనికిరాకపోగా హాని చేస్తుంది. దాన్ని విన్న మనిషి ‘నేను ఎవరికీ చెప్పను కదా’ అని నిశ్చింతగా ఆ ఫైలును ఇన్‌స్టాల్ చేస్తాడు. కారణాన్ని కోసేస్తే వాదన దానంతటదే పాత నినాదంగా మారిపోతుంది, వినేవాడు తనకు ముందే తెలిసిన మాటే మళ్లీ విన్నానని అనుకుంటాడు. అందువల్ల కత్తెర పట్టే ముందు స్క్రిప్టులోని ‘ఎందుకంటే’, ‘అయినా’, ‘అయితేనే’ అన్న మాటలన్నిటి కిందా గీత గీయండి. వాటిలో మీ ప్రధాన వాక్యాన్ని మోసేవి ఏవో చూసి, వాటి జోలికి పోకుండా మిగతా వాటినే కోయండి.

మరో తప్పు కూడా కుదింపులోనే పుట్టింది. ‘ఏపీకే ఫైలు ఫోన్‌లోకి వస్తే ఖాతా ఖాళీ’ అని రాశారు. ఇది నిజం కాదు. ఫైలు వచ్చినంత మాత్రాన ఏమీ జరగదు. దాన్ని తెరవాలి, తెలియని చోటి నుంచి వచ్చే యాప్‌లకు అనుమతినివ్వాలి, ఇన్‌స్టాల్ చేయాలి, ఎస్సెమ్మెస్ అనుమతి ఇవ్వాలి. ఓటీపీ ఒక్కదానితోనే మోసగాడికి పని జరగదు, అతడికి కార్డు వివరాలు కావాలి. అందుకే ఆ యాప్ చలానా కట్టడానికంటూ ఒక ఫారం చూపించి వాటిని కూడా అడుగుతుంది. ఈ షరతులన్నీ 90 సెకన్లలో పట్టవు, కానీ రెండు తప్పక ఉండాలి: ఎస్సెమ్మెస్ అనుమతి, కార్డు ఫారం. అవి లేకపోతే వినేవాడికి భయం మాత్రమే మిగులుతుంది, ఎక్కడ ఆగాలో తెలియదు.

ఇక్కడ ఫోన్ల తయారీదారుల మీద నాకున్న కోపాన్ని కొంచెం చెప్పుకోనివ్వండి, ఎందుకంటే మీ స్క్రిప్టు పది నిమిషాలకు పెరగడంలో వాళ్ల వాటా కూడా ఉంది. ఒక ఆటకు నోటిఫికేషన్ అనుమతి అడిగే పెట్టె, ఒక అపరిచిత యాప్‌కు మన సందేశాలన్నిటినీ చదివే అనుమతి అడిగే పెట్టె, ఒకే రంగులో, ఒకే ఆకారంలో, ఒకే చోట ‘అనుమతించు’ మీటతో కనిపిస్తాయి. పైగా ఎస్సెమ్మెస్‌లను చదవడం, పంపడం రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడుగుతారు. హెచ్చరికలోని తెలుగు చూస్తే, రాసినవారు దాన్ని ఒక్కసారైనా పైకి చదివి ఉండరనిపిస్తుంది. ఆ పెట్టె సరిగ్గా ఉంటే మీకు గాజువాకలో కేబుల్ స్లాటుతో పని పడేదే కాదు.

ఇప్పుడు లెక్క. మాటలు లెక్కపెట్టి నిడివి చెప్పే సాధనాలను నమ్మకండి. వాటిలో చాలావరకు నిమిషానికి ఇన్ని మాటలని ఇంగ్లీషు చదివే వేగాన్ని పెట్టుకున్నవే. తెలుగులో ‘తెలుసుకోలేకపోయినందువల్ల’ అన్నది ఆ లెక్కలో ఒక్క మాటే. నేను మామూలుగా చదివితే నిమిషానికి సుమారు వంద తెలుగు మాటలు వెళ్తాయి. మీ వేగం ఎంతో మీరే ఒక పేజీ చదివి తేల్చుకోండి. అంకెలు, చిరునామాలు కాగితం మీద చిన్నవిగా కనిపించి నోట్లో పెరుగుతాయి. cybercrime.gov.in అని రాయడానికి ఒక్క ముక్క, చదవడానికి నాలుగైదు సెకన్లు, విన్నవాడికి అది గుర్తుండదు కూడా. అటువంటివాటిని తెర మీద అక్షరాలుగా వేయండి, గొంతుతో పలకకండి. సైబర్ మోసాల సహాయ నంబరు 1930 ఒక్కటే పలకవచ్చు, అదీ ‘పంతొమ్మిది వందల ముప్ఫై’ అనకుండా అంకె అంకెగా, నొక్కేవాడికి వీలుగా.

90 సెకన్ల స్లాటుకు 90 సెకన్ల మాటలు రాయకూడదు. కోసే యంత్రం మొదట కోసేది చివరి వాక్యాన్నే, మీ స్క్రిప్టులో అక్కడే సహాయ నంబరు ఉంది. పూర్తి వీడియోను 88 సెకన్లకు ముగించి, మాటలు 80 సెకన్లలోపే ఉంచండి. మీ అసలు ప్రతి నుంచి నేను తీసిన పాఠం ఇది:

“‘ఓటీపీ నేనెవరికీ చెప్పలేదు, అయినా ఖాతా ఖాళీ అయింది.’ ఇలా అంటున్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఓటీపీని వాళ్లు చెప్పలేదు, వాళ్ల ఫోనే చెప్పింది.

చలానా కట్టమంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది కాగితం కాదు, యాప్. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే రెండు అడుగుతుంది. మొదటిది, మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి. రెండోది, చలానా కట్టడానికని మీ కార్డు వివరాలు. కార్డు వివరాలు మోసగాడికి చేరతాయి. అతడు వాటితో కొనుగోలు మొదలుపెడతాడు. బ్యాంకు ఓటీపీ మీ ఫోనుకే పంపుతుంది. మీరు చూసేలోపే ఆ యాప్ దాన్ని చదివి అతడికి పంపేస్తుంది.

ఫైలు వచ్చినంత మాత్రాన ఏమీ కాదు. తెరవకుండా తీసేయండి. చలానా ఉందో లేదో పోలీసుల అధికారిక వెబ్‌సైట్‌లో బండి నంబరుతో చూసుకోండి.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్ నుంచి ఒకటి తొమ్మిది మూడు సున్నాకు, మీ బ్యాంకుకు చెప్పండి.”

ఇది నూట పది మాటలకు లోపే ఉంది. తీరిగ్గా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ చదివితే నాకు 75 సెకన్ల దాకా పట్టింది. మిగిలిన సమయం కనిపించగానే ఒక కథను తిరిగి దూర్చాలనిపిస్తుంది, దూర్చకండి. ‘వాళ్ల ఫోనే చెప్పింది’ అన్న తరువాత రెండు సెకన్లు మౌనం ఉండనివ్వండి, చివర 1930 తెర మీద నిలిచి ఉండనివ్వండి. ఎడిటింగ్ యాప్‌లో మౌనాలను వాటంతటవే తొలగించే సదుపాయం ఉంటే దాన్ని ఆపేయండి. అది మీ వాదనలోని మలుపుకు, మీ తడబాటుకు తేడా తెలియనిది.

కోసిన వాటిలో ఒకదాన్ని తీయడానికి నాకు మనసు రాలేదు: డేటా ఒక్కటే ఆపితే ఎందుకు చాలదన్న మీ వివరణ. ఆ యాప్ తన చేతికి చిక్కిన ఓటీపీని మామూలు ఎస్సెమ్మెస్ రూపంలో కూడా పంపగలదు కాబట్టి ఏరోప్లేన్ మోడ్ కావాలి. కొన్ని ఫోన్లలో ఆ మోడ్‌లోనూ వైఫై నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా ఆపాలి. కారణం పోయినా చేయవలసిన పని రెండు ముక్కల్లో మిగిలింది. ఆ మినహాయింపు ఇక్కడ ఇవ్వవచ్చు, ఎందుకంటే ఏరోప్లేన్ మోడ్ ఎందుకో తెలియకపోయినా మనిషి మీట నొక్కగలడు. ఎస్సెమ్మెస్ అనుమతి ఎందుకు ప్రమాదమో తెలియకపోతే మాత్రం అతడు దాన్ని నిరాకరించడు.

రికార్డు చేశాక, స్క్రిప్టు చూడనివారికి, వీలైతే మీ వీధిలో ఇటీవలే స్మార్ట్‌ఫోన్ కొన్న పెద్దవారికి ఒక్కసారి వినిపించండి. బాగుందా అని అడగకండి, బాగుందనే అంటారు. ‘వాళ్లు ఓటీపీ ఎవరికీ చెప్పలేదు కదా, మరి డబ్బు ఎలా పోయింది?’ అని అడగండి. ‘ఆ యాప్ మెసేజ్ చదివేసింది బాబూ’ అన్న అర్థం వచ్చేలా జవాబిస్తే ఫైలును చానల్‌కు పంపేయండి. ‘ఓటీపీ చెప్పకూడదు’ అని జవాబు వస్తే రెండో పేరాను మళ్లీ రాయాలి. అప్పుడు కూడా సెకన్లు కావలసివస్తే చలానా వెబ్‌సైట్ వాక్యాన్ని తెర మీదికి పంపి, ఆ సెకన్లను ఎస్సెమ్మెస్ అనుమతికి ఇవ్వండి.