రెండు యాప్‌లలో రెండు రేట్లు: ఆ తేడా ఎవరికి మిగులుతుంది?

ప్రశ్న: మాది రాయగడ. కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. నా ఫోన్‌లో రెండు క్రిప్టో యాప్‌లున్నాయండి. ఒకే కాయిన్ ఒకదాంట్లో 200 రూపాయలు చూపిస్తోంది, రెండోదాంట్లో 202 రూపాయల 40 పైసలు. ఒకే సరుక్కి రెండు రేట్లేమిటి? ఇక్కడ 500 కాయిన్లు కొని అక్కడ అమ్మేస్తే 1,200 మిగలాలి కదా! రోజుకి రెండుసార్లు తిప్పుదామని పార్వతీపురంలో ఉన్న మా బావమరిది అంటున్నాడు. లక్ష రూపాయలు పక్కన పెట్టాను. దిగమంటారా?

జవాబు: వద్దండి. మీరు వేసిన 1,200 లెక్క కాగితం మీద తప్పేమీ కాదు, కానీ చేతికి వచ్చేసరికి అది నష్టంగా మారుతుంది. ఎలాగో పైసలతో సహా చూద్దాం.

కాయిన్‌కి దేశమంతటికీ ఒకే రేటు నిర్ణయించేవారు ఎవరూ లేరు. ప్రతి ఎక్స్ఛేంజ్‌కీ, అంటే మీ యాప్ వెనక కాయిన్లు కొని అమ్మే ప్రతి వేదికకీ, తన సొంత ఆర్డర్ బుక్ ఉంటుంది. అమ్మేవాళ్లు ఎంతకి ఎన్ని ఇస్తామన్నారో ఒక పక్క, కొనేవాళ్లు ఎంతకి ఎన్ని తీసుకుంటామన్నారో ఇంకో పక్క ఉంటాయి. ఒక యాప్‌లో కొనేవాళ్లు ఎక్కువై అమ్మేవాళ్లు పలచబడితే అక్కడ రేటు పైకి పోతుంది. ఆ సంగతి రెండో యాప్‌కి తనంతట తాను తెలియదు. ఎవరో ఒకరు ఇక్కడ కొని అక్కడ అమ్మితేనే తెలుస్తుంది. గుణుపురం సంతలో చింతపండుకీ పార్వతీపురం మార్కెట్లో చింతపండుకీ ఉండే తేడా మీకు కొత్త కాదు. ఆ తేడా లారీ బాడుగ, హమాలీ, తరుగు కలిపినంత వరకు అలాగే ఉంటుంది, అంతకు మించితే ఎవరో ఒకరు బండి కడతారు. ఇక్కడా అంతే. కాకపోతే బాడుగ కంటికి కనబడదు.

ఇంకో మాట. యాప్‌లో పెద్ద అక్షరాలతో కనబడేది సాధారణంగా చివరగా జరిగిన బేరం రేటు. లావాదేవీలు తక్కువున్న కాయిన్‌లో ఆ బేరం పది నిమిషాల కిందటిది కూడా కావచ్చు, ఇప్పుడు ఆ రేటుకి ఇచ్చేవాడు ఉండకపోవచ్చు. కాబట్టి చూడాల్సింది చవక యాప్‌లో అమ్మేవాళ్ల వరుస, ఖరీదు యాప్‌లో కొనేవాళ్ల వరుస. రేటు పక్కనే ఎన్ని కాయిన్లో రాసి ఉంటుంది. అసలు కథ ఆ అంకెలోనే ఉంది.

మీరు చెప్పిన రేట్లు నిజంగానే దొరుకుతున్నాయనుకుందాం. చవక యాప్‌లో అమ్మేవాళ్ల వరుస ఇలా ఉందనుకోండి: 200 రూపాయలకి 180 కాయిన్లు, 200.60కి 200, 201.30కి 400. మీకు 500 కావాలి. మొదటి 180కి 36,000, తర్వాతి 200కి 40,120, మిగిలిన 120కి 24,156. మొత్తం 1,00,276 రూపాయలు. అంటే 200 రూపాయల కాయిన్ మీకు సగటున 200.55 పడింది. ఫీజు 0.2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి ఇంకో 237.

ఇప్పుడు రెండో యాప్‌కి పంపాలి. కాయిన్లు బయటికి పంపినందుకు తీసుకునే విత్‌డ్రాయల్ ఫీజు ఒక కాయిన్ అనుకుందాం. 499 చేరాయి. అక్కడ కొనేవాళ్ల వరుసలో 202.40కి 100, 201.90కి 250, 201.20కి 500 ఉన్నాయి. మీ 499 అమ్మితే 20,240, 50,475, 29,979 కలిపి 1,00,694 వస్తుంది. మళ్లీ ఫీజు, జీఎస్టీ 238 పోతాయి. వచ్చినదాంట్లోంచి పెట్టినది తీసేస్తే 56 రూపాయలు నష్టం. మీరు పంపేలోగా రేటు పైసా కూడా కదలలేదన్న లెక్కలో ఇది.

మీ బేరం అయ్యాక రెండు వరుసలూ ఇంకోసారి చూడండి. చవక యాప్‌లో 200, 200.60 రెండూ ఖాళీ అయిపోయాయి, ఇప్పుడు కొనాలంటే 201.30. ఖరీదు యాప్‌లో 202.40, 201.90 ఖాళీ, ఇప్పుడు అమ్మితే 201.20. తేడా మాయం! ఒకచోట కొని ఇంకోచోట అమ్మే ఈ పనినే ఆర్బిట్రేజ్ అంటారు, అది తేడాని తగ్గిస్తుందని అనేది దీన్నే. తక్కువ రేటు చోట కొనడం వల్ల అక్కడ రేటు ఎక్కింది, ఎక్కువ రేటు చోట అమ్మడం వల్ల అక్కడ దిగింది. లోతు లేని కాయిన్ అయితే, అంటే వరుసలో ఒక్కో రేటుకి కొన్ని కాయిన్లే ఉంటే, ఒక్క లక్ష రూపాయలతోనే ఆ పని అయిపోతుంది. మీ బావమరిది చెప్పిన రెండో ట్రిప్పుకి మిగిలేదేమీ ఉండదు. లోతున్న బిట్‌కాయిన్ లాంటి వాటిలో లక్షకి వరుస కదలదు నిజమే, కానీ అక్కడ తేడా మొదటినుంచీ అంత ఉండదు.

ఇక పన్ను. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్. ఈ నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కొన్న ఖరీదు తప్ప వేరే ఖర్చు ఏదీ తీసేసుకోనివ్వరు. మీ 499 కాయిన్ల కొన్న ఖరీదు 1,00,075, అమ్మిన ధర 1,00,694. ఆ లెక్కన లాభం 618 రూపాయలు, దాని మీద పన్ను 193. చేతికి 56 నష్టం వచ్చిన బేరానికి 193 పన్ను కట్టి, మొత్తం 249 పోగొట్టుకుంటారన్నమాట. పైగా ఒక ట్రిప్పులో వచ్చిన నష్టాన్ని ఇంకో ట్రిప్పు లాభంలోంచి తీసేయడానికీ వీల్లేదు. గెలిచిన ప్రతిదానికీ పన్ను కట్టాలి, ఓడిన ప్రతిదీ మీరే భరించాలి. చిన్న చిన్న మార్జిన్లతో చాలాసార్లు తిప్పే పనికి ఇంతకన్నా పడని నిబంధన ఇంకోటి ఉండదు.

అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ కూడా కోస్తారు. పై బేరంలో అది సుమారు 1,005 రూపాయలు. ఇది ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో సర్దుతారు, ఎక్కువైతే వాపసు ఇస్తారు. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. లాభనష్టాలు లేకుండా లక్షని ఇరవైసార్లు తిప్పారనుకోండి, చేతిలో సుమారు 81,800 ఉంటుంది. మిగతాది రీఫండ్ వచ్చేదాకా ఆగిపోయినట్టే. రోజుకి రెండు ట్రిప్పులంటే పది రోజుల్లో ఆ పరిస్థితి. మీ వ్యాపారంలో సరుకు మీద తిరగాల్సిన డబ్బు అలా ఇరుక్కుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మరి ఈ తేడాలు తగ్గించేది ఎవరు? వాళ్లు కాయిన్ పంపి అమ్మరు. ముందే ఒక ఎక్స్ఛేంజ్‌లో రూపాయలు, ఇంకోదాంట్లో కాయిన్లు పెట్టుకుని కూర్చుంటారు. తేడా కనబడగానే ఇక్కడ కొనడం, అక్కడ అమ్మడం ఒకేసారి ప్రోగ్రామ్ చేసేస్తుంది. లావాదేవీల పరిమాణాన్ని బట్టి ఫీజు కూడా వాళ్లకి మీకన్నా చాలా తక్కువ. ఒక పక్క కాయిన్లు, ఇంకో పక్క రూపాయలు పేరుకున్నాక తీరిగ్గా ఒకేసారి సర్దుకుంటారు, అంటే విత్‌డ్రాయల్ ఫీజు వంద బేరాలకి ఒకసారి పడుతుంది. మీ దాకా వచ్చి స్క్రీన్ మీద నిలబడిన తేడా వాళ్లు చూసి వదిలేసినదే. వాళ్లకే గిట్టనిది మీకు గిట్టడం అరుదు.

అలాంటప్పుడు రెండు, మూడు శాతం తేడా గంటల తరబడి అలాగే ఉంటే దాన్ని అవకాశం అనుకోకండి, ఎక్కడో దారి మూసుకుందని అనుమానించండి. ముందు ఆ కాయిన్‌కి రెండు యాప్‌లలోనూ డిపాజిట్, విత్‌డ్రాయల్ తెరిచి ఉన్నాయేమో చూడండి. నెట్‌వర్క్ నిర్వహణ పేరుతో ఒకటి ఆపేసి ఉండటం మామూలే. ఇంకా ఘోరమైన సందర్భాలూ ఉన్నాయి. టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ సంగతి చూడండి. 2013లో అక్కడినుంచి డాలర్లు బయటికి తీసుకోవడం కష్టమైంది. డబ్బు ఇరుక్కున్నవాళ్లు బిట్‌కాయిన్ కొనుక్కుని బయటపడటానికి చూశారు, దాంతో అక్కడి రేటు మిగతా చోట్ల కన్నా పైన నిలిచింది. 2014 ఫిబ్రవరిలో బిట్‌కాయిన్ విత్‌డ్రాయల్ కూడా ఆపేశారు. అప్పుడు అదే రేటు మిగతా చోట్ల కన్నా బాగా కిందికి జారింది. ఆ నెలాఖరుకి కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. మొదట అక్కడ అమ్మి లాభపడ్డామనుకున్నవాళ్ల డాలర్లు బయటికి రాలేదు, తర్వాత చవగ్గా కొన్నవాళ్ల కాయిన్లు బయటికి రాలేదు.

మన రూపాయి రేటుకీ విదేశీ ఎక్స్ఛేంజ్ డాలర్ రేటుకీ మధ్య కనబడే తేడా కూడా ఈ కోవలోదే. డాలర్‌కి బదులుగా వాడే యూఎస్‌డీటీ ఇక్కడ తరచు బ్యాంకు డాలర్ రేటు కన్నా ఎక్కువ పలుకుతుంది. రూపాయలు పంపి అక్కడ కాయిన్ కొని ఇక్కడ అమ్మే దారిని బ్యాంకులు సాధారణంగా ఇవ్వవు కాబట్టి తేడా మిగిలిపోతుంది. తెలియని మనిషికి నేరుగా అమ్మి దాన్ని పట్టుకోవాలని చూస్తే, అతను పంపింది మోసపు సొమ్మయిన పక్షంలో మీ ఖాతా ఏ రాష్ట్రం పోలీసు ఫిర్యాదు మీదైనా స్తంభించవచ్చు. కొట్టు లావాదేవీలు నడిచే ఖాతా అయితే సప్లయర్లకి డబ్బు ఆగిపోతుంది.

ఇంతా విన్నాక కూడా ఒకసారి చేసి చూడాలనిపిస్తే 2,000 రూపాయలతో చూడండి. ఎక్స్‌ఆర్‌పీ లాంటి కాయిన్లలో అడ్రస్‌తో పాటు ట్యాగ్ నంబర్ కూడా ఇవ్వాలి. అది వదిలేస్తే కాయిన్లు ఎక్స్ఛేంజ్‌కి చేరతాయి గానీ మీ ఖాతాలో పడవు, సపోర్ట్ చుట్టూ తిరగాలి. యూఎస్‌డీటీ అయితే పంపే నెట్‌వర్క్, అందుకునే నెట్‌వర్క్ ఒకటే అయ్యుండాలి. బిట్‌కాయిన్‌లో లావాదేవీలు బ్లాక్ అనే కట్టలుగా నమోదవుతాయి, సగటున పది నిమిషాలకొక బ్లాక్, ఎక్స్ఛేంజ్ అలాంటివి కొన్ని అయ్యాకే జమ చేస్తుంది. ఆ వ్యవధిలో అవతలి రేటు మీకోసం ఆగదు. కొన్ని యాప్‌లు కాయిన్లని అసలు బయటికి పంపనివ్వవు కూడా, కొనే ముందే ఆ సంగతి చూసుకోండి.

రెండు యాప్‌లు ఉన్నందుకు మీకు దొరికే అసలు లాభం వేరే ఉంది. ఎప్పుడైనా దాచుకోవడానికి కొనదలిస్తే, మీకు కావాల్సిన సంఖ్య వేసి, ఫీజు, జీఎస్టీ కలిపి చివరి మొత్తం ఎంతో రెండింట్లోనూ చూసి తక్కువున్నచోట కొనండి. అందులో పంపడం లేదు, ట్యాగ్ లేదు, టీడీఎస్ లేదు. ఇప్పటికే ఏదైనా అమ్మి ఉంటే ఆ టీడీఎస్ మీ పేరున కోసిన పన్నులు చూపే ఫారం 26ఏఎస్‌లో పడిందో లేదో చూసుకుని, రిటర్న్‌లో క్రిప్టో లావాదేవీల కోసం ఉన్న వీడీఏ షెడ్యూల్ నింపి దాన్ని వెనక్కి తెచ్చుకోండి.