ఆక్షేపణను ఎక్కడ తగిలించాలి?

చిరంజీవికి,

పుస్తకం చూసి రాసే పరీక్షల మీద నీ వ్యాసమూ, దాంతో పాటు అందులోని వాదాన్నీ కారణాలనూ గడుల్లో పెట్టి గీతలతో కలుపుతూ నువ్వు గీసిన వాదన పటమూ అందాయి. వ్యాసం బాగానే ఉంది. ఈ ఉత్తరం మాత్రం పటం చూసి రాస్తున్నాను, అదీ కాస్త చిరాకుతో.

పటంలో కింద కుడిమూలన ఎర్రటి గడి ఒకటి గీసి, అందులో ‘గిట్టనివాళ్ల ఏడుపు’ అని రాశావు. అక్కడి నుంచి ఒక పొడుగాటి బాణాన్ని పైనున్న ప్రధాన వాదం దాకా లాగావు. ఎవరు ఏడుస్తున్నారు, ఏ మాటను కాదంటున్నారు అన్నది ఆ గడి చెప్పదు. నీ పటం మొత్తంలో పనికొచ్చే చోటు అదొక్కటే అయ్యుండేది. దాన్నే తిట్టుతో నింపేశావు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఏ రంగు దేనికి అని నువ్వు అడిగినవాటి జోలికి నేను పోను. ఈ మధ్య ఎవరిని చూసినా రంగురంగుల బొమ్మ గీసి అదే ఆలోచన అనుకుంటున్నారు. కాగితం, పెన్సిలు చాలు. నేను పత్రికలో రాత్రి షిఫ్టుల్లో పనిచేసేటప్పుడు, ప్రూఫు కాగితాల వెనకవైపు చీటీలుగా చింపి, ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం రాసి నేల మీద పరిచేవాణ్ణి. చీటీల సుగుణం ఏమిటంటే వాటిని జరపడం సులువు. గీసిన గీతను చెరపడానికి మనసొప్పదు, చీటీని జరపడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. 1913లో విగ్‌మోర్ అనే అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు కోర్టు సాక్ష్యాలను పటంగా గీసే పద్ధతి ఒకటి ప్రచురించాడు. అందులో వాక్యాలన్నీ విడిగా ఒక జాబితాలో అంకెలు వేసి ఉంటాయి, పటంలో అంకెలూ గుర్తులూ మాత్రమే కనిపిస్తాయి. ముందు వాక్యం పూర్తిగా రాసుకున్నాకే అంకె వేయడం కుదురుతుంది. ‘ఒత్తిడి’ అని ఒక్క మాట రాసి వదిలేసే అవకాశం అక్కడ లేదు. నువ్వు రెండు గడుల్లో అదే చేశావు.

ప్రతి గడిలోనూ కర్తా క్రియా ఉన్న ఒక పూర్తి వాక్యం ఉండాలి, ఒక్కటే ఉండాలి. అది ప్రశ్న కాకూడదు. ‘కాబట్టి’, ‘ఎందుకంటే’ వంటి మాటలు గడిలోకి రాకూడదు, వాటి పని గీత చేస్తుంది. అదొక్కటి సరిచేసుకుంటే నీ పటం సగం బాగుపడుతుంది. ఆ మిగతా సగం గురించే నా బాధంతా.

నీ ప్రధాన వాదం ఇది: ‘పాఠశాల పరీక్షలన్నీ పుస్తకం చూసి రాసేవిగా మార్చాలి.’ దాని కింద మూడు కారణాలు వేశావు. ఇప్పటి పరీక్షలు జ్ఞాపకాన్నే కొలుస్తున్నాయి అన్నది మొదటిది. ఉద్యోగంలో ఎవరూ పుస్తకం మూసి పనిచేయరు అన్నది రెండోది. పుస్తకం చేతిలో ఉంటే పిల్లలకు టెన్షన్ తగ్గుతుంది అన్నది మూడోది.

మొదటి కారణాన్ని చూడు. అందులో పరీక్షలున్నాయి, జ్ఞాపకం ఉంది. పై గడిలో పుస్తకం చూసి రాయడం ఉంది, మార్చాలి అన్న విధి ఉంది. ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయి? వాదన పటాలు నేర్పేవాళ్లు దీన్ని కుందేలు సూత్రం అంటారు. ఇంద్రజాలికుడి ఖాళీ టోపీలోంచి కుందేలు రాకూడదన్నట్టు, కింద లేని మాట పైన ఊడిపడకూడదు. కాబట్టి నువ్వు రాయకుండా మింగేసిన వాక్యాలు బయటికి తీయాలి. నేను తీస్తే ఇలా వచ్చాయి. ఒకటి, నువ్వు రాసిందే: ఇప్పటి పరీక్షలు జ్ఞాపకాన్నే కొలుస్తున్నాయి. రెండు: పుస్తకం చూసి రాసే పరీక్ష అవగాహనను కొలుస్తుంది. మూడు: పరీక్ష కొలవాల్సింది జ్ఞాపకాన్ని కాదు, అవగాహనను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా మిగతా రెండూ పై గడిని మోయలేవు. అందుకే వీటిని మూడు కారణాలుగా కాక, పక్కపక్కనే పెట్టి ఒకే గీతతో కలిపి ఒక్క కారణంగా పైకి పంపాలి. టెన్షన్ సంగతి వేరు. ఈ మూడూ కూలినా అది తన కాళ్ల మీద నిలబడుతుంది, కాబట్టి దానికి విడి గీత.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనం అనుమానానికి, అంటే ఒకదాన్ని చూసి మరొకటి ఉందని తేల్చడానికి, ఐదు అవయవాలు చెప్పింది. కొండ మీద నిప్పుంది అన్నది ప్రతిజ్ఞ, పొగ ఉంది కాబట్టి అన్నది హేతువు. అక్కడితో ఆపకుండా, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది అన్న నియమాన్ని ఉదాహరణతో సహా పైకి చెప్పి తీరాలన్నారు. ఎదుటివాడు నీతో వాదించేది ఆ నియమం దగ్గరే కాబట్టి.

ఇప్పుడు నీ ‘గిట్టనివాళ్ల’ దగ్గరికి వద్దాం. వ్యాసంలో వాళ్ల మాట ఒకటి నువ్వే రాశావు: పుస్తకం చూసి రాస్తే అందరికీ మార్కులు వచ్చేస్తాయి. దీన్ని ఎక్కడ తగిలించాలో తెలుసుకోవడానికి నేను చేసే పని ఒక్కటే. ఆ ఆక్షేపణ నిజమేనని కాసేపు ఒప్పుకుంటాను. అప్పుడు నా గడుల్లో ఏది అబద్ధం అవుతుందో వెతుకుతాను. ఇక్కడ మొదటి గడికి ఏమీ కాలేదు, ఇప్పటి పరీక్షలు ఇంకా జ్ఞాపకాన్నే కొలుస్తున్నాయి. మూడో గడికీ ఏమీ కాలేదు. దెబ్బ తిన్నది రెండోది. వెతికి ఎత్తి రాస్తే మార్కులు వచ్చేటప్పుడు ఆ పరీక్ష అవగాహనను కొలవడం లేదు. ఎర్ర గడి వెళ్లాల్సింది ఆ రెండో గడి కిందికి. చూశావా, నువ్వు వ్యాసంలో అసలు రాయని వాక్యమే వాళ్లకు దొరికింది. నువ్వు రాయలేదు కాబట్టి వాళ్లు ఎందుకు ఒప్పుకోవడం లేదో నీకు అర్థం కాలేదు, అర్థం కాక ఏడుపు అన్నావు.

చోటు తెలిస్తే సమాధానం కూడా తెలుస్తుంది. పుస్తకంలో నేరుగా దొరకని ప్రశ్నలు ఇవ్వొచ్చు కదా అంటావు. సరే, దాన్ని ఎర్ర గడి కింద వెయ్యి. కానీ అలా వేస్తే రెండో గడి పాత రూపంలో ఉండలేదు. ‘ఎత్తి రాయడానికి వీల్లేని ప్రశ్నలు ఇచ్చినప్పుడు, పుస్తకం చూసి రాసే పరీక్ష అవగాహనను కొలుస్తుంది’ అని మారాలి. అది మారితే ప్రధాన వాదమూ మారాలి: ప్రశ్నపత్రాలు మార్చి, ఆ తర్వాతే పుస్తకాలు అనుమతించాలి. నీ వ్యాసంలో ప్రశ్నపత్రాల గురించి అర పేరా కూడా లేదు. అసలు వ్యాసం అక్కడుంది.

ఉద్యోగంలో ఎవరూ పుస్తకం మూసి పనిచేయరు అన్న నీ రెండో కారణం ఇంకా తేలిగ్గా పోతుంది. ‘ఎవరూ’ అన్నావు. అత్యవసర విభాగంలో డాక్టరు పుస్తకం తెరిచి చూస్తూ కూర్చోడు, విమానం నడిపేవాడికి కొన్ని పనులు చేతికి కంఠతా వచ్చి ఉండాలి. ఒక్క ఎదురు ఉదాహరణతో ‘ఎవరూ’ కూలిపోతుంది. ‘చాలామంది’ అని దిద్దుకుంటే గడి నిలబడుతుంది గానీ, పైనున్న ‘పరీక్షలన్నీ’ నిలబడదు. కింద చాలామంది ఉంటే పైన అన్నీ రావు.

మూడో కారణానికి వచ్చే ఆక్షేపణ మరో రకం. ‘టెన్షన్ తగ్గితే తగ్గనీ, పరీక్ష పద్ధతి నిర్ణయించేది టెన్షన్ కాదు కదా’ అంటారు. ఇక్కడ నీ గడి అబద్ధం కాలేదు, వాళ్లు దాన్ని ఒప్పుకుంటున్నారు. తెగింది గడి నుంచి పైకి పోయే గీత. టెన్షన్ తగ్గుతుందని పది అధ్యయనాలు తెచ్చి గుమ్మరించినా ఆ గీత అతుక్కోదు. పరీక్ష పద్ధతిలో టెన్షన్‌ను ఎందుకు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే వాక్యం కావాలి. కొత్తవాళ్లు ఎక్కువగా అలిసిపోయేది ఇక్కడే, ఎదుటివాడు ఒప్పుకున్నదాన్నే మళ్లీ మళ్లీ రుజువు చేస్తూ.

ఏ గడీ అబద్ధం కాకుండా, ఏ గీతా తెగకుండా వచ్చే ఆక్షేపణలూ ఉంటాయి. పుస్తకాలు కొనలేని పిల్లలు నష్టపోతారు అన్నది అలాంటిది. అది నీ కారణాలను ముట్టుకోదు, నేరుగా ప్రధాన వాదం మీదికే వస్తుంది. పైకి బాణం వేయాల్సింది అలాంటివాటికి మాత్రమే, అవి నువ్వనుకునేంత ఎక్కువ ఉండవు.

నేను పత్రికలకు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక సంపాదకుడు నా వ్యాసాల్లో పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదన చెప్పే పేరాను చూడగానే కొట్టేసేవాడు. ‘నీ వాదనను నువ్వే బలహీనం చేసుకుంటావెందుకయ్యా’ అనేవాడు. స్థలం చాలకపోతే ముందు పోయేది కూడా అదే. వ్యాసం అచ్చయ్యాక పాఠకుల ఉత్తరాల్లో సరిగ్గా ఆ కొట్టేసిన ఆక్షేపణే వచ్చేది, దానికి జవాబు రాసి పంపితే ‘చర్చ ముగిసింది’ అని వెనక్కి పంపేవాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపమే. ఈనాటివాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, పదునుగా ఉండాలి, ఒకే వైపు ఉండాలి అంటున్నారు. వాళ్ల మాట విని రాసే ‘గిట్టనివాళ్ల ఏడుపు’ లాంటి వాక్యాలు నీ పేరు మీద చాలాకాలం ఉండిపోతాయి.

పటం చేయలేని పనులు కూడా చెప్పాలి. గడిలో ఉన్నది నిజమో కాదో పటం చెప్పదు. ఇప్పటి పరీక్షలు జ్ఞాపకాన్నే కొలుస్తున్నాయా అన్నది ప్రశ్నపత్రాలు తీసి చూస్తే తెలుస్తుంది, గీతలు చూస్తే కాదు. ఏ కారణం ఎంత బరువైనదో కూడా తెలియదు, గడులన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. పటం వరసలో వ్యాసం రాస్తే అది చదవలేం, ప్రతి పేరా గడిలా చతురస్రంగా తయారవుతుంది. నేను ముందు వ్యాసం రాసి, తర్వాత చీటీలు పరిచి, ఎక్కడ చిరుగుందో చూసుకుని, చీటీలు పక్కన పడేసి మళ్లీ రాస్తాను. ఎవరెవరో కవితలా మొదలుపెట్టమంటారు, నువ్వు కూడా అలాగే మొదలుపెట్టావు. ఆ మొదటి పేరాలో చీటీ మీద రాయదగ్గ వాక్యం ఒక్కటీ దొరకలేదు నాకు.

వ్యాసాన్ని ఎవరికి పంపాలి అన్న ప్రశ్న ఇప్పుడొద్దు. మూడో కారణం నుంచి పైకి పోయే గీతను నిలబెట్టే వాక్యం ఏమిటో నేను కావాలనే రాయలేదు. అది రాసి, ఎర్ర గడిని తీసి దాని చోట పెట్టి, మారిన ప్రధాన వాదాన్ని పైన రాసి పంపు. రంగులు అక్కర్లేదు.

ఆశీస్సులతో.