వైఫై పాస్‌వర్డ్ కోసం రౌటర్‌లోకి వెళ్లక్కర్లేదు

ప్రశ్న: ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చి రౌటర్ బిగించి, నా ల్యాప్‌టాప్‌కి తనే వైఫై కలిపి వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ అడగడం మర్చిపోయాను. ఇప్పుడు కొత్త ఫోన్ కలుపుదామంటే రౌటర్ కింద స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ పనిచేయట్లేదు. 192.168.1.1 తెరిచి admin, admin అని కొట్టినా తప్పంటోంది. వెనక రీసెట్ అని చిన్న రంధ్రం ఉంది, పిన్నుతో నొక్కేయనా?

జవాబు: నొక్కకండి. ఆ పిన్ను పక్కన పెట్టేసి ముందు ల్యాప్‌టాప్ తెరవండి, ఎందుకంటే మీరు వెతుకుతున్న పాస్‌వర్డ్ అందులోనే ఉంది.

ఇక్కడ రెండు వేర్వేరు పాస్‌వర్డ్‌లున్నాయి. ఒకటి వైఫైది, ఫోన్ అడిగేది అదే. రెండోది రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లడానికి వాడేది, మీరు admin అని కొట్టింది అక్కడ. రెండోది దొరికితే లోపలికెళ్లి మొదటిది చూసుకోవచ్చన్నది మీ ఆలోచన, తప్పు కాదు గానీ చుట్టుదారి. వైఫైకి కలిసిన ప్రతి పరికరమూ ఆ పాస్‌వర్డ్‌ని తనలో దాచుకుంటుంది, లేకపోతే మీరు ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ అది మిమ్మల్ని అడగాల్సి వచ్చేది. కాబట్టి అడగాల్సింది రౌటర్‌ని కాదు, ల్యాప్‌టాప్‌ని.

మీది విండోస్ అనుకుని చెబుతున్నాను. ల్యాప్‌టాప్ వైఫైకి కలిసి ఉండగానే స్టార్ట్‌లో cmd అని కొట్టి, వచ్చిన దాని మీద రైట్ క్లిక్ చేసి `Run as administrator` ఎంచుకోండి. నల్లటి కిటికీ వస్తుంది. అందులో ముందు ఇది కొట్టండి:

```
netsh wlan show profiles
```

ఈ ల్యాప్‌టాప్ ఇప్పటిదాకా కలిసిన వైఫైల పేర్లన్నీ వరసగా వస్తాయి. అందులో మీ ఇంటిది ఏదో చూసుకోండి. ఉదాహరణకి దాని పేరు Home_5G అనుకుందాం, అప్పుడు రెండో కమాండ్ ఇలా ఉంటుంది:

```
netsh wlan show profile name="Home_5G" key=clear
```

చాలా లైన్లు వస్తాయి, కంగారు పడకుండా కిందికెళ్లి `Security settings` అన్న భాగం చూడండి. అందులో `Key Content` అన్న లైన్ ఎదురుగా ఉన్నదే మీ పాస్‌వర్డ్. ఆ లైన్ లేకుండా `Security key : Present` అని మాత్రమే వచ్చిందంటే, చివర key=clear కొట్టడం మర్చిపోయారని అర్థం. అది కూడా సరిగ్గానే కొట్టారంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరవలేదేమో చూడండి.

కమాండ్లంటే చిరాకు పడేవాళ్లకి కొత్త విండోస్ 11లో ఇంకో దారి ఉంది. సెట్టింగ్స్‌లో `Network & internet`, అందులో `Wi-Fi`, ఆ తర్వాత `Manage known networks`, అక్కడ మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే సెక్యూరిటీ కీ చూపించమనే బటన్ ఉంటుంది. నాకు మాత్రం కమాండే ఇష్టం, దానికో కారణం కూడా ఉంది. పాస్‌వర్డ్ Tq7mZ0vRl4 లాంటిది అయితే అందులో ఉన్నది సున్నానా O అక్షరమా, చిన్న l నా పెద్ద I నా అని మామూలు అక్షరాల్లో పోల్చుకోవడం కష్టం. కమాండ్ కిటికీలో వాడే అక్షరాల్లో సున్నా మధ్య గీతో చుక్కో ఉంటుంది కాబట్టి తేడా తెలిసిపోతుంది. "పాస్‌వర్డ్ కరెక్టే, ఫోన్ తీసుకోవట్లేదు" అని నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటికి చివరికి ఆ సున్నానే కారణం.

ఇంకో మెలిక. చాలా రౌటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కి ఇంకో పేరు పెడతాయి, బిగించిన మనిషి రెంటికీ వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఇచ్చి ఉండొచ్చు కూడా. అందుకని ల్యాప్‌టాప్ ఏ పేరుకి కలిసిందో ఫోన్‌ని కూడా సరిగ్గా ఆ పేరుకే కలపండి. జాబితాలో పాత పేర్లు కూడా ఉంటాయి, వాటి పాస్‌వర్డ్‌లు ఎప్పటివో, ఇప్పుడు పనిచేస్తాయన్న నమ్మకం లేదు. ఈ క్షణాన ల్యాప్‌టాప్ కలిసి ఉన్న పేరుదే నమ్మండి.

ల్యాప్‌టాప్ బదులు ఇంట్లో ఇంకో ఫోన్ ఆల్రెడీ కలిసి ఉంటే పని ఇంకా తేలిక. ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పక్కనున్న గుర్తు నొక్కి షేర్ అంటే, ఫోన్ లాక్ తీయమని అడిగి, క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. కొత్త ఫోన్ కెమెరాతో దాన్ని స్కాన్ చేస్తే చాలు, పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదు, చాలా ఫోన్లలో కోడ్ కింద పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి వైఫై పేరు పక్కనున్న i గుర్తు నొక్కితే పాస్‌వర్డ్ లైన్ ఉంటుంది.

ఏ పరికరమూ కలిసి లేనివాళ్ల సంగతేంటి? రౌటర్ మీద WPS అని బటన్ ఉందేమో చూడండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో మీ వైఫై పేరు మీద నొక్కితే పాస్‌వర్డ్ అడిగే పెట్టె కింద రౌటర్ బటన్ నొక్కి కూడా కలవొచ్చని రాసి ఉంటుంది. అప్పుడు WPS నొక్కండి, రౌటర్ రెండు నిమిషాల పాటు ఎదురుచూసి, ఆ లోపు అడిగిన పరికరానికి తనే పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంది. ల్యాప్‌టాప్ కలిశాక పై కమాండ్‌తో దాన్ని చదువుకోవచ్చు. ఫోన్‌తో ఈ పని చేయాలనుకోకండి, ఐఫోన్లలో WPS ఎప్పుడూ లేదు, ఆండ్రాయిడ్ కూడా 9వ వెర్షన్‌తో తీసేసింది. భద్రత కోసం కంపెనీలు ఈ బటన్‌ని పనిచేయకుండా చేయడం కూడా మామూలే, రెండుసార్లు చూసి కుదరకపోతే వదిలేయండి.

ఇక admin, admin ఎందుకు పనిచేయలేదంటే, మీరేదో తప్పు కొట్టారని కాదు. ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చే రౌటర్లలో చాలావాటికి దూరం నుంచి నడిపించే ఏర్పాటు ఉంటుంది, దాని పేరు టీఆర్-069, 2004లో వచ్చిన ప్రమాణం. రౌటర్ ఆన్ అవగానే కంపెనీ సర్వర్‌ని పలకరిస్తుంది, సర్వర్ దానికి సెట్టింగ్స్ పంపిస్తుంది, అందులో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయడం కూడా ఉండొచ్చు. నెట్‌లో దొరికే డిఫాల్ట్ లాగిన్ జాబితాలు ఆ మోడల్ ఫ్యాక్టరీలో ఎలా తయారైందో చెబుతాయి గానీ, మీ కంపెనీ దాన్ని ఎలా మార్చిందో చెప్పలేవు. పైగా ఈ రౌటర్లలో తరచూ రెండు ఖాతాలుంటాయి, ఒకటి కంపెనీ వాళ్లది, అన్నీ మార్చగలిగేది, ఇంకోటి ఇంటివాళ్లది, వైఫై పేరూ పాస్‌వర్డూ మాత్రం మార్చుకునేది. మీకు కావాల్సింది రెండోదే, admin కోసం పోట్లాడక్కర్లేదు. వరసగా ఊహలు కొడుతూ పోతే కొన్ని మోడళ్లు కాసేపు లాగిన్ పేజీనే మూసేస్తాయి, అప్పుడు సరైనది కొట్టినా తీసుకోవు.

ఇంకోటి, అసలు ఆ 192.168.1.1 మీ రౌటర్‌దేనా? అదే నల్లటి కిటికీలో ipconfig అని కొట్టి `Default Gateway` ఎదురుగా ఏ అంకెలున్నాయో చూడండి. 192.168.0.1, 192.168.100.1 లాంటివి కూడా ఉంటాయి.

ఇప్పుడు పిన్ను సంగతి. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. స్విచ్ తీసి వేస్తే ఏమీ పోదు. రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు పట్టుకుంటే మాత్రం రౌటర్ తన మతి మొత్తం పోగొట్టుకుంటుంది, వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే కాదు. కంపెనీ నెట్‌వర్క్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, దాని పాస్‌వర్డ్, కంపెనీ తన లైన్‌లో ఇంటర్నెట్‌కి కేటాయించే వీల్యాన్ నంబర్ ఇవన్నీ బిగించిన రోజు ఆ మనిషి కొట్టి వెళ్లినవైతే అవీ పోతాయి. తిరిగి వచ్చాక స్టిక్కర్ మీదున్న వైఫై పాస్‌వర్డ్ చక్కగా పనిచేస్తుంది, ఫోన్ కలుస్తుంది, కానీ ఇంటర్నెట్ ఉండదు. ఫైబర్ అయితే PON లైట్ నిలకడగా వెలుగుతూ ఉంటుంది, ఇంటర్నెట్ లైట్ మాత్రం ఆరిపోయో ఎర్రగానో ఉంటుంది, అంటే తీగ బాగానే ఉంది, లాగిన్ వివరాలు లేవని అర్థం. అదే LOS లైట్ ఎర్రగా మెరుస్తుంటే తీగ దగ్గరే తేడా, దానికి పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు.

కొన్ని కంపెనీల రౌటర్లు రీసెట్ అయ్యాక సర్వర్ నుంచి అన్నీ తిరిగి తెచ్చుకుని పదిపదిహేను నిమిషాల్లో లేచి కూర్చుంటాయి. మీది ఆ రకమా కాదా అన్నది నొక్కితే గానీ తెలియదు, నేను నొక్కి తెలుసుకున్నాను. శుక్రవారం సాయంత్రం నొక్కాను, సోమవారం మధ్యాహ్నం మనిషి వచ్చి యూజర్‌నేమ్ కొట్టిపెట్టి పోయాడు, మధ్యలో కస్టమర్ కేర్ వాళ్లు నాకు నాలుగుసార్లు చెప్పిన పరిష్కారం "ఒకసారి రీసెట్ చేసి చూడండి సార్".

ల్యాప్‌టాప్‌తో మీ పని అయిపోతుందని నా నమ్మకం. అయినా తర్వాత పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే లోపలికి దారి కావాలి కాబట్టి, తీరిక చేసుకుని కంపెనీకి ఒక ఫోన్ చేయండి. వాళ్ల యాప్‌లోనే వైఫై పాస్‌వర్డ్ మార్చే వీలుంటే ముందు అక్కడే చూడండి, చాలామందికి అది ఉందనే తెలియదు. ఫోన్‌లో "రౌటర్ పాస్‌వర్డ్ పోయింది" అనకండి, వాళ్లు రీసెట్ అనేస్తారు. "మీ వైపు నుంచి నా వైఫై పాస్‌వర్డ్ మార్చండి, ఇంటివాళ్ల లాగిన్ ఏంటో చెప్పండి" అనండి. దూరం నుంచి నడిపించే ఏర్పాటు ఉంటే అది వాళ్లకి రెండు నిమిషాల పని. అదే ఫోన్‌లో పీపీపీఓఈ వివరాలు, వీల్యాన్ నంబర్ కూడా అడిగి కాగితం మీద రాసి రౌటర్ అడుగున అంటించండి. అవి చేతిలో ఉంటే ఎప్పుడైనా నిజంగానే పిన్ను వాడాల్సి వచ్చినా సోమవారం దాకా ఆగక్కర్లేదు.