గ్యాస్ తగ్గిందన్నారా? ముందు రెండు చోట్ల థర్మామీటర్ పెట్టి చూడు

ప్రశ్న: దుబాయ్ వచ్చి మూడు నెలలైందన్నా. బెడ్‌రూమ్‌లో ఒక టన్ను స్ప్లిట్ ఏసీ ఉంది. 16లో పెట్టినా ఉక్కగానే ఉంటోంది. చూడడానికి వచ్చినతను గ్యాస్ తగ్గింది, నింపాలి అంటున్నాడు. కువైట్‌లో ఉండే మా బావ ఏసీలో గాలి 12 డిగ్రీలు చల్లబడి వస్తోందట, నాది 8 డిగ్రీలే. గ్యాస్ వేయించమంటారా?

జవాబు: అప్పుడే డబ్బులివ్వకు తమ్ముడూ. ఆ 8 ఎలా కొలిచావో ముందు చూసుకో.

ఏసీ పైనుంచి గది గాలిని లాక్కుంటుంది. ఆ గాలి లోపలి కాయిల్ మీదుగా వెళ్లి, చల్లబడి కింది నుంచి బయటికొస్తుంది. పైన ఎంత, కింద ఎంత అన్న తేడాయే మనకు కావాలి. వంటింట్లో వాడే పుల్ల లాంటి డిజిటల్ థర్మామీటర్ చాలు. రెండు చోట్లా అదొక్కటే వాడితే, అది ఒక డిగ్రీ ఎక్కువో తక్కువో చూపించినా తేడాలో కొట్టుకుపోతుంది. లేజర్ చుక్క పడే గన్ వద్దు, అది గాలిని కాకుండా ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ వేడిని చూపిస్తుంది.

ఫిల్టర్ కడిగి పెట్టి, కూలింగ్ మోడ్‌లో 16 డిగ్రీలు, ఫ్యాన్ హై మీద ఇరవై నిమిషాలు నడవనివ్వు. ఇన్వర్టర్ ఏసీ అయితే ఇది మరీ ముఖ్యం. గది సెట్ చేసిన చలికి దగ్గరపడిందంటే కంప్రెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది, అప్పుడు తేడా తక్కువ రావడం జబ్బు కాదు. కింద కొలిచేటప్పుడు పుల్లను గాలి బయటికొచ్చే చోట అంచు దగ్గరే పట్టుకో. లోపలికి దూరిస్తే బ్లోయర్‌కు తగులుతుంది.

ఇప్పుడు మీ బావ సంగతి. కువైట్ ఎండాకాలం ఎక్కువగా పొడి వేడి. అక్కడ ఏసీ శక్తిలో ఎక్కువ భాగం గాలిని చల్లబరచడానికే పోతుంది, కాబట్టి 10 నుంచి 12 డిగ్రీల తేడా మామూలే. దుబాయ్ ఆగస్టు అలా కాదు, సముద్రం పక్కన గాలి నిండా తేమే. కాయిల్ ఆ తేమను నీళ్లుగా మార్చాలి, దానికీ శక్తి కావాలి. ఆ పని థర్మామీటర్‌లో కనిపించదు, డ్రెయిన్ పైపులో కనిపిస్తుంది.

అందుకే పైపు కింద గంటసేపు బాటిల్ పెట్టు. ఒక లీటరు తేమ నీరుగా మారాలంటే ఏసీ దాదాపు 0.68 యూనిట్ల వేడిని లాగేయాలి. గంటలో రెండు లీటర్లు వచ్చాయనుకో, 1.36 కిలోవాట్లు అక్కడికే పోయినట్టు. ఒక టన్ను ఏసీ మొత్తం సామర్థ్యం 3.5 కిలోవాట్లు, అంటే ఐదింట రెండు వంతులు నీళ్లు పిండడానికే సరి. అలాంటప్పుడు 8 డిగ్రీల తేడా అంటే ఏసీ బాగానే పనిచేస్తున్నట్టు. తేమ ఎటు నుంచి వస్తోందో చూడు. బాల్కనీ తలుపు కింద సందుందా? బాత్రూమ్ ఎగ్జాస్ట్ రోజంతా తిరుగుతోందా? అది లోపలి గాలిని తోసేకొద్దీ బయటి ఉక్క గాలి సందుల్లోంచి లోపలికొస్తుంది. గదిలో బట్టలు ఆరేసే అలవాటుంటే మానెయ్.

తేడా 3, 4 డిగ్రీలే ఉండి నీళ్లు కూడా పెద్దగా రాకపోతే అప్పుడు అనుమానించాలి. అప్పుడు కూడా గ్యాస్ ఒక్కటే కారణం కాదు. మధ్యాహ్నం, తెల్లవారుజామున రెండుసార్లు కొలువు. తెల్లవారుజామున బాగుండి మధ్యాహ్నం పడిపోతుంటే బయటి యూనిట్ దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు, నీళ్లతో కడిగిస్తే సరిపోతుంది. ఎప్పుడూ తక్కువే ఉండి, కాయిల్ మీద ఒక మూల మాత్రమే మంచు పేరుకుంటే గ్యాస్ మాట నమ్మొచ్చు.

తేడా మరీ ఎక్కువ వచ్చిందని సంబరపడకు. 16, 17 డిగ్రీలు వచ్చి గాలి మాత్రం నీరసంగా ఉంటే ఫిల్టరో, బ్లోయరో, కాయిలో మురికి పట్టినట్టు. కొంచెం గాలే కాయిల్ మీద ఎక్కువసేపు నిలిచి బాగా చల్లబడుతోంది, గది మాత్రం చల్లబడదు. ఇంటికొచ్చి చేయిపెట్టి "సూపర్ కూలింగ్" అని వెళ్లిపోయేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

నిజంగా గ్యాసే తగ్గిందని తేలితే, అది వాడితే అరిగిపోయేది కాదు, ఎక్కడో లీకై ఉంటుంది. లీక్ వెతక్కుండా పైపైన నింపితే మళ్లీ అదే గతి. జాయింట్లు నైట్రోజన్‌తో పరీక్షించి, లీక్ మూసి, వాక్యూమ్ పెట్టి, బయటి యూనిట్ లేబుల్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించమను. అతను ఉండగానే మళ్లీ ఇరవై నిమిషాలు నడిపించి, అదే థర్మామీటర్‌తో రెండు చోట్లా కొలిచి, ఆ ఫోటోలు ఇంటి ఓనర్‌కు వాట్సాప్‌లో పెట్టు.