డాలర్ బలపడితే అద్దెలో మిగిలేదెంత?

"హైదరాబాద్ ఫ్లాట్ అద్దె తగ్గలేదు. అమెరికాలో తీసుకున్న లోన్ కిస్తీ కట్టాక మాత్రం ఏమీ మిగలట్లేదు. ఎందుకండీ?"

అద్దె 40,000, మెయింటెనెన్స్, పన్ను, రిపేర్లకు 10,000 అనుకుందాం. ఈ ఖర్చులు రూపాయల్లోనే పోతాయి కాబట్టి వాటికి మారకపు భయం లేదు. డాలర్లలోకి మారేది మిగిలిన 30,000 మాత్రమే. 2022 మొదట్లో డాలర్ సుమారు 75 రూపాయలు, అంటే 400 డాలర్లు. 2024 చివరికి 85 అయింది, అదే డబ్బు 353 డాలర్లు. మీ కిస్తీ 350 అయితే, మిగులు 50 నుంచి 3కి పడిపోయింది. అసలు టెన్షన్ కిస్తీ డాలర్లలో ఉండటమే. వీలైతే ఆ లోన్ ముందు తీర్చేయండి.